టెలిగ్రామ్ దాచుకున్న మన కాంటాక్టులు: తొలగించే వరుస, దాని హద్దులు

అందరికీ నమస్కారం. ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క విషయం గురించి మాట్లాడతాను. మన ఫోన్‌లోని కాంటాక్టులను ఒక యాప్ తన సర్వర్లకు తీసుకువెళ్లి దాచుకున్న తరువాత, వాటిని అక్కడి నుంచి తొలగించడం ఎలా? అన్ని యాప్‌ల గురించీ చెప్పబోతే ఏ ఒక్కదాని గురించీ సరిగా చెప్పలేను గనుక టెలిగ్రామ్‌ను ఎంచుకున్నాను. పోటీ పరీక్షల నోట్సు కోసమో, పిల్లల ట్యూషన్ గ్రూపు కోసమో, ఇంకేవో ఫైళ్ల కోసమో (అవేమిటో నేను అడగను) ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఫోన్లలో అది ఉంటుంది. పైగా తొలగించే ఆప్షన్‌ను ఆ యాప్ సెట్టింగుల్లోనే పెట్టింది. ఆప్షన్ ఉంది, కానీ దాన్ని వాడే వరుస తప్పితే చేసిన పని నిలవదు. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ వరుస గురించే.

ముందుగా, అసలు అక్కడికి ఏం వెళుతుంది? టెలిగ్రామ్ తన ప్రైవసీ పాలసీలో ఈ సంగతి స్పష్టంగానే రాసుకుంది. మీరు అనుమతి ఇచ్చిన తరువాత మీ కాంటాక్టుల ఫోన్ నంబర్లనూ, వాటికి మీరు పెట్టుకున్న పేర్లనూ తన సర్వర్లలో నిలవ ఉంచుతుంది. మీకు తెలిసినవారు ఎవరైనా టెలిగ్రామ్‌లో చేరగానే మీకు కబురు చేయడానికీ, నోటిఫికేషన్లలో మీరు రాసుకున్న పేరునే చూపించడానికీ అవి కావాలని చెబుతుంది. నంబరూ పేరూ తప్ప మరేదీ దాచుకోనని కూడా అంటుంది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నంబరూ పేరూ అంతే కదా, అందులో ఏముంది అనిపిస్తుంది. కానీ మనం ఫోన్‌లో పేర్లు ఎలా రాసుకుంటాం? పెళ్లిపత్రికలో వేసినట్టు రాసుకుంటామా? ‘అప్పు శ్రీను’, ‘ఇంటి ఓనరు’, ‘షుగరు మామయ్య’, ‘కోర్టు కేసు లాయరు’, ‘ఎత్తొద్దు’ అని రాసుకుంటాం. నవ్వకండి, మీ ఫోన్లలో ఇంతకంటే ఘనమైనవే ఉంటాయి. ఆ పేరు మీరు రాసింది రాసినట్టుగా నంబరుతో కలిసి వెళుతుంది. అంటే వెళ్లేది నంబరు ఒక్కటే కాదు, ఆ మనిషి గురించి మీకు తెలిసిన ఒక సంగతి కూడా. ఆ మామయ్య టెలిగ్రామ్ పేరైనా విని ఉండకపోవచ్చు. ఆయనకు అందులో ఖాతా లేకపోయినా నంబరు వెళుతుంది, ఎందుకంటే ఆయన రేపు చేరితే మీకు చెప్పాలి కదా.

నంబర్ల జాబితాతో ఏం చేయవచ్చో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 2019లో హాంకాంగ్‌లో నిరసనలు జరుగుతున్నప్పుడు ఉద్యమకారులు టెలిగ్రామ్ గ్రూపుల ద్వారా కూడగట్టుకునేవారు. వరుస నంబర్లను వేల సంఖ్యలో ఒక ఫోన్‌లో కాంటాక్టులుగా ఎక్కించి, ఆ ఫోన్‌ను టెలిగ్రామ్‌తో సింక్ చేస్తే, గ్రూపులో మారుపేరుతో ఉన్న మనిషి అసలు నంబరు ఏదో పట్టుకోవచ్చని ఆ ఆగస్టులో అక్కడి ఇంజనీర్లు చూపించారు. ఆ తరువాతే, సెప్టెంబరులో, ‘నా నంబరుతో నన్ను ఎవరు కనుక్కోవచ్చు’ అనే సెట్టింగును టెలిగ్రామ్ తెచ్చింది. దాని గురించి చివర్లో చెబుతాను.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. మీ కాంటాక్టులకు సంబంధించి నాలుగు వేర్వేరు చోట్లు ఉన్నాయి. ఒకటి మీ ఫోన్‌లోని చిరునామా పుస్తకం. రెండోది ఆ పుస్తకాన్ని చదవడానికి ఫోన్ ఆ యాప్‌కు ఇచ్చిన అనుమతి. మూడోది యాప్‌లోపల ఉన్న సింక్ స్విచ్. నాలుగోది సర్వర్‌లో ఉన్న కాపీ. ఈ నాలుగూ ఒకటే అనుకోవడం వల్లే చాలామంది ఏదో ఒకటి చేసి, పని అయిపోయిందనుకుంటారు. అనుమతి తీసేశాను కదా అంటారు. అనుమతి తీసేస్తే ఇకపైన కొత్తవి వెళ్లవు, అంతే. వెళ్లినవి ఎక్కడికి పోతాయి? కార్బన్ పేపరు పెట్టి రాసిన తరువాత పై కాగితం చింపేస్తే కింది కాగితం మీద రాత ఉండనే ఉంటుంది కదా, ఇదీ అంతే. మరికొందరు యాప్‌నే ఫోన్‌లోంచి తీసేస్తారు. యాప్ తీసేసినంత మాత్రాన ఖాతా పోదు. ఇంత కాలం వాడకపోతే ఖాతా దానంతటదే తొలగిపోవాలని సెట్టింగుల్లో ఒక గడువు ఉంటుంది. ఆ నెలలు గడిచేదాకా ఖాతా ఉంటుంది, దానితో పాటు కాంటాక్టుల కాపీ కూడా ఉంటుంది. ఇంకొందరు ఫోన్ పుస్తకంలోంచి నంబరు చెరిపేసి, అక్కడ కూడా చెరిగిపోయి ఉంటుందిలే అనుకుంటారు. దాన్ని నమ్ముకోవద్దు. సర్వర్ కాపీని తొలగించాలంటే సర్వర్ కాపీని తొలగించమని అడగాల్సిందే.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. కాకినాడలో ఒకావిడ ఇంటింటికీ వెళ్లి రక్త నమూనాలు సేకరించే చిన్న ల్యాబ్ నడుపుతున్నారనుకుందాం. ఆవిడ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆరువందల పైచిలుకు నంబర్లున్నాయి. గుర్తు కోసం ప్రతి పేరు పక్కనా ఏ పరీక్షో కూడా రాసుకున్నారు: ‘థైరాయిడ్ లక్ష్మి గారు’, ‘క్రియాటినిన్ రిటైర్డు మాస్టారు’, ఇలాగ. కొడుకు కోచింగు నోట్సు కోసం టెలిగ్రామ్ పెట్టుకుని, అడిగినదానికల్లా ‘Allow’ నొక్కుకుంటూ వెళ్లారు. కొన్నాళ్లకు, ‘థైరాయిడ్ లక్ష్మి గారు టెలిగ్రామ్‌లో చేరారు’ అని ఫోన్ మోగింది. అప్పుడు కలిగింది సందేహం: ఈ పేరు దీనికెలా తెలిసింది? సరైన సందేహమే. ఆ జబ్బుల జాబితా ఇప్పుడు ఆవిడ ఫోన్‌లో ఒక్కచోటే లేదు.

ఆవిడ చేయవలసిన మొదటి పని తొలగించడం కాదు, ఫోన్ పుస్తకాన్ని భద్రం చేసుకోవడం. టెలిగ్రామ్‌లో తొలగిస్తే ఫోన్ పుస్తకంలోని నంబర్లు పోవు, అందుకు భయం లేదు. కానీ కొన్ని నంబర్లను ఆవిడ ఫోన్‌లో కాకుండా నేరుగా టెలిగ్రామ్‌లోనే చేర్చుకుని ఉండవచ్చు, అవి మాత్రం పోతాయి. అందుకని ముందు టెలిగ్రామ్‌లోని కాంటాక్టుల జాబితాను ఒకసారి కిందిదాకా చూసి, ఫోన్‌లో లేనివి కనిపిస్తే ఫోన్‌లో రాసుకోవాలి. ఆ తరువాత ఫోన్‌లోని కాంటాక్టుల యాప్ నుంచి ఎక్స్‌పోర్ట్ ఆప్షన్‌తో ఒక ఫైలు తీసి పెట్టుకోవాలి. ఆ ఫైలు పేరు చివర `.vcf` అని ఉంటుంది. దాన్ని మళ్లీ ఏ గ్రూపులోనో పంపించుకోకండి, ఆ పని చేసేవాళ్లు కూడా ఉన్నారు.

రెండో పని సింక్ ఆపడం. టెలిగ్రామ్ తెరిచి Settings లోకి, అక్కడి నుంచి Privacy and Security లోకి వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో కిందికి జరిపితే Contacts అనే భాగం వస్తుంది. ఐఫోన్‌లో అయితే Data Settings అనే దానిలోపల ఉంటుంది. ఆ భాగంలో Sync Contacts అనే స్విచ్, దాని దగ్గరే Delete Synced Contacts అనే ఆప్షన్ కనిపిస్తాయి. చూడగానే చెయ్యి Delete మీదికే పోతుంది. పోనివ్వకండి. ముందు Sync Contacts స్విచ్‌ను ఆపండి. ఎందుకంటే సింక్ నడుస్తుండగా తొలగిస్తే, సర్వర్ ఖాళీ అయిందని యాప్ గమనించి, మీ ఫోన్ పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి ఎక్కిస్తుంది. యాప్ తప్పేమీ లేదు, దానికి మీరు అప్పగించిన పనే అది. సింక్ ఆపకపోతే మళ్లీ ఎక్కుతాయన్న హెచ్చరిక ఉంటుంది కూడా, కానీ హెచ్చరికలు చదివే ఓపిక మనకు ఉంటే ఈ ప్రసంగమే అవసరం లేకపోవును.

మూడోది ఫోన్ అనుమతి. ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగుల్లో యాప్‌ల జాబితాకు వెళ్లి, టెలిగ్రామ్‌ను ఎంచుకుని, Permissions లో Contacts నొక్కి Don't allow పెట్టాలి. ఐఫోన్‌లో ఇది Privacy & Security కింద Contacts దగ్గర ఉంటుంది; 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి మొత్తం పుస్తకం ఇవ్వకుండా ఎంచుకున్న కొద్దిమందిని మాత్రమే ఇచ్చే వీలు కూడా ఉంది. స్విచ్ ఆపాం కదా, అనుమతి కూడా ఎందుకు తీయాలి అని మీరు అడగవచ్చు. స్విచ్ యాప్ చేతిలో ఉన్నది, అనుమతి ఫోన్ చేతిలో ఉన్నది. రేపు ఖాతాలోంచి బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయితే యాప్ స్విచ్ తిరిగి ఆన్‌లో ఉండవచ్చు. అప్పుడు ఫోన్ అడ్డుకుంటుంది. కాంటాక్టుల అనుమతి లేకపోయినా టెలిగ్రామ్‌లో గ్రూపులు, ఛానళ్లు, పాత సంభాషణలు యథాప్రకారం పనిచేస్తాయి. అప్పుడప్పుడు అనుమతి ఇమ్మని అడుగుతుంది, ఇవ్వకండి.

ఇప్పుడు, ఇవన్నీ అయిన తరువాత, Delete Synced Contacts నొక్కాలి. మీ కాంటాక్టులు టెలిగ్రామ్ సర్వర్ల నుంచి తొలగిపోతాయని చెప్పి, సరేనా అని అడుగుతుంది. సరే అనాలి. ఆ పని పూర్తయ్యేదాకా నెట్ ఆపకుండా, యాప్‌ను మూసేయకుండా ఉండండి. అంతే, చేయవలసింది ఇంతే. కానీ ఆవిడ విషయంలో కథ ఇక్కడితో ముగియదు.

మర్నాడు ఆవిడ టెలిగ్రామ్ తెరిచి చూస్తే ఆరువందల పేర్లూ తిరిగి వచ్చి కూర్చున్నాయి. ఎందుకు వచ్చాయి? సింక్ ఆపారు, అనుమతి తీశారు, అంతా వరుసగానే చేశారు. ఇలాంటప్పుడు చూడవలసిన చోటు Settings లోని Devices. మీ ఖాతా ఏయే ఫోన్లలో, ఏయే కంప్యూటర్లలో తెరిచి ఉందో అక్కడ వరుసగా కనిపిస్తుంది. ఆవిడ జాబితాలో రెండు ఫోన్లు కనిపించాయి. ఒకటి ఇప్పుడు చేతిలో ఉన్నది. రెండోది పాత ఫోన్, కొడుక్కి ఇచ్చేసినది, అందులో ఆవిడ ఖాతా ఇంకా తెరిచే ఉంది, పాత నంబర్లు కూడా ఉన్నాయి. సర్వర్‌లో ఖాతా ఒకటే, కానీ సింక్ స్విచ్ ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌దే. పాత ఫోన్‌లో అది ఆన్‌లోనే ఉంది గనుక, కుర్రవాడు యాప్ తెరవగానే పుస్తకం మొత్తం మళ్లీ పైకి వెళ్లింది. మన ఇళ్లలో పాత ఫోన్ పారేయడం అనేది ఉండదు కదా. కొడుక్కో, అత్తగారికో, షాపులో కుర్రవాడికో వెళుతుంది. అందుకని ఇది అరుదుగా జరిగేదని అనుకోవద్దు.

దీనికి విరుగుడు ఏమిటంటే, Devices జాబితాలోనే ఆ పాత ఫోన్ మీద నొక్కి, ఆ సెషన్‌ను ముగించాలి. లేదా పాత ఫోన్ చేతికి తీసుకుని అందులో కూడా Sync Contacts ఆపాలి. ఆ తరువాత మాత్రమే Delete Synced Contacts మరోసారి నొక్కాలి. ఒకే యాప్‌లో రెండు నంబర్లతో రెండు ఖాతాలు పెట్టుకున్నవారు ఇంకొక సంగతి గమనించాలి. ఈ స్విచ్ ప్రతి ఖాతాకూ విడిగా ఉంటుంది. సొంత నంబరు ఖాతాలో ఆపి, వ్యాపారం నంబరు ఖాతాలో ఆపకపోతే, అదే పుస్తకం ఆ రెండో ఖాతా పేరు మీద వెళుతూనే ఉంటుంది.

నిజంగా తొలగిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఫోన్‌లో టెలిగ్రామ్ కాంటాక్టుల పేజీ ఖాళీగా కనిపించడం ఒక సూచన మాత్రమే. అంతకంటే గట్టి పరీక్ష ఒకటి ఉంది. కంప్యూటరులో వాడే టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌కు మీ ఫోన్ పుస్తకంతో పని లేదు. అది చూపేది సర్వర్‌లో ఉన్న సంగతి. అందులో Settings, తరువాత Advanced, తరువాత Export Telegram data అని ఉంటుంది. అక్కడ మిగతా టిక్కులన్నీ తీసేసి Contacts list ఒక్కదానికీ టిక్కు ఉంచి ఎక్స్‌పోర్ట్ చేయండి. ముందుగా మీ ఫోన్‌కు అనుమతి అడుగుతూ ఒక సందేశం రావచ్చు, భద్రత కోసం ఒకరోజు ఆగమని కూడా చెప్పవచ్చు, కంగారు పడనక్కరలేదు. వచ్చిన ఫైలును తెరిస్తే సర్వర్ దగ్గర మీ పేరు మీద ఉన్న కాంటాక్టులు నంబర్లతో సహా కనిపిస్తాయి. నా సలహా, ఈ పనిని రెండుసార్లు చేయండి: తొలగించకముందు ఒకసారి, తొలగించిన కొద్ది రోజులకు ఒకసారి. ముందు తీసినదాన్ని చూస్తే అక్కడ ఏమేం చేరాయో అర్థమవుతుంది. ఎప్పుడో ఫోన్‌లోంచి చెరిపేశామనుకున్న మనుషులు అందులో కనిపిస్తే ఆశ్చర్యపోకండి. తరువాత తీసినదానిలో ఏమైనా మిగిలితే, మరో ఫోన్ ఎక్కడో ఇంకా ఎక్కిస్తోందని అర్థం, మళ్లీ Devices దగ్గరికి వెళ్లాలి.

తొలగించాక కొన్ని మార్పులు కనిపిస్తాయి, అవి ముందే తెలిస్తే మంచిది. సంభాషణలు ఎక్కడికీ పోవు. కానీ పేర్లు మారిపోతాయి. ‘క్రియాటినిన్ రిటైర్డు మాస్టారు’ అన్నచోట ఆయన తనకు తాను పెట్టుకున్న పేరు కనిపిస్తుంది. అది ‘సాయిరాం’ అయి ఉండవచ్చు, ఒక ఇంగ్లీషు అక్షరమూ చుక్కా అయి ఉండవచ్చు. ఆయన తన నంబరు దాచుకుని ఉంటే నంబరు కూడా కనిపించదు. అప్పుడు ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. అందుకే రోజూ మాట్లాడే పదిపదిహేను మంది విషయంలో మాత్రం ఎవరి ప్రొఫైల్ పేరు ఏమిటో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. రెండో మార్పు ఇంకా సూక్ష్మమైనది. చివరిసారి ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో, ప్రొఫైల్ ఫొటో ఎవరికి కనిపించాలో అన్న సెట్టింగులకు చాలామంది My Contacts అని పెట్టుకుంటారు. కాంటాక్టులు తొలగించాక ఆ My Contacts లో ఎవరూ మిగలరు. కాబట్టి మీ అన్నయ్య ఫోన్ చేసి, నీ ఫొటో తీసేశావేమిటి, నన్ను బ్లాక్ చేశావా అని అడిగితే కారణం ఇదీ. ఆయన నిష్ఠూరం పోవాలంటే ఆయన ఒక్కడినీ చేత్తో కాంటాక్టుగా చేర్చుకోండి. అలా చేర్చేటప్పుడు మీ నంబరును అవతలివారికి పంచుకోవాలా అనే టిక్కు ఒకటి వస్తుంది, దాన్ని చూసుకుని సరే అనండి.

ఇంతవరకూ మన పుస్తకం సంగతి. మరి ఇతరుల పుస్తకాల్లో ఉన్న మన సంగతి ఏమిటి? ఎవరో ఒకరు అడుగుతారని నాకు తెలుసు. మీరు మీ కాంటాక్టులన్నీ తొలగించినా, మీ నంబరు రాసుకుని సింక్ చేసిన ప్రతి మనిషి ఖాతా కింద మీ నంబరు, వారు మీకు పెట్టిన పేరుతో అలాగే ఉంటుంది. దాన్ని చెరిపే ఆప్షన్ మీ టెలిగ్రామ్ సెట్టింగుల్లో లేదు. చేయగలిగిందల్లా ఆ నంబరుతో మిమ్మల్ని పట్టుకునే దారిని ఇరుకు చేయడం. ఇందాక హాంకాంగ్ గురించి చెప్పినప్పుడు చివర్లో చెబుతానన్నది ఇదే. Privacy and Security లో Phone Number నొక్కి, నంబరు ఎవరికి కనిపించాలో అన్నచోట Nobody పెట్టండి. అలా పెట్టినప్పుడు మాత్రమే దాని కింద ఇంకో ప్రశ్న కనిపిస్తుంది: మీ నంబరుతో మిమ్మల్ని ఎవరు కనుక్కోవచ్చు? దానికి My Contacts పెట్టండి. ఇక మీ నంబరును ఎవరైనా ఫోన్‌లో ఎక్కించి సింక్ చేసినా, వారు మీ కాంటాక్టుల్లో లేకపోతే మీ ఖాతా వారికి దొరకదు. ఈ రెండో ప్రశ్న ఉందని తెలియక మొదటిదానితోనే ఆగిపోయేవారు చాలామంది.

ఇతరులు ఎక్కించిన మన నంబరును మనమే తీయించుకునే ఏర్పాటు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లు నడిపే మెటా దగ్గర ఒకటి ఉంది. ఇది 2022లో, పెద్దగా చాటింపు లేకుండా వచ్చింది. మనకు ఆ యాప్‌లలో ఖాతా లేకపోయినా వాడుకోవచ్చు. పేజీ చిరునామా ఇది, రాసుకోండి:

```
facebook.com/contacts/removal
```

అక్కడ మీ మొబైల్ నంబరో, ల్యాండ్‌లైన్ నంబరో, ఈమెయిలో ఇచ్చి, ఫేస్‌బుక్, మెసెంజర్‌లలో వెతకాలా, ఇన్‌స్టాగ్రామ్‌లో వెతకాలా అన్నది ఎంచుకోవాలి. ఆ నంబరు మీదేనని నిర్ధారించడానికి ఒక కోడ్ వస్తుంది. ఇతరులు ఎక్కించిన పుస్తకాల్లో మీ నంబరు ఉన్నట్టు తేలితే, దాన్ని తొలగించి ఇకపై ఎక్కకుండా అడ్డుకోమని అడగవచ్చు. ఇందులో ఒక వింత ఉంది. మళ్లీ ఎవరైనా ఎక్కించినప్పుడు అది మీ నంబరేనని గుర్తుపట్టి ఆపాలంటే, ఆ నంబరు వాళ్ల దగ్గర ఉండాలి కదా? అందుకని అడ్డుకోవలసిన నంబర్ల జాబితాలో మీ నంబరు కాపీ ఒకటి ఉంచుకుంటామని ఆ పేజీలోనే చెబుతారు. అది మీకు సమ్మతమైతేనే ముందుకు వెళ్లండి. మొబైల్ నంబరుకు ఒకసారి, ఈమెయిల్‌కు ఒకసారి, ఇంట్లో ల్యాండ్‌లైన్ ఇంకా ఉంటే దానికి ఒకసారి, ఇలా దేనికి దానికి విడిగా చేయాలి. ఇంట్లో పెద్దవాళ్ల నంబర్లకు చేయదలిస్తే వాళ్ల ఫోన్ పక్కన ఉండాలి, కోడ్ వచ్చేది దానికే.